కొత్తగా వచ్చే మేడం పేరు ఎట్లా పలకాలో, ఎట్లా రాయాలో అడిగే మెసేజి

ప్రశ్న: కడపలో మా ఆఫీసుకి సోమవారం చిత్తూరు నుంచి బదిలీ మీద ఒక మేడం వస్తున్నారు. నా పక్క సీటే. ఆర్డరులో పేరు M. Ezhilarasi అని ఉంది. సెక్షన్‌లో ఒకరు ఎజిలరసి అంటున్నారు, ఇంకొకరు ఎలిజరసి అంటున్నారు. బల్ల మీద పేరు పలక తెలుగులో రాయించాల్సింది నేనే, హాజరు పట్టీలో ఎక్కించేదీ నేనే. ఆమె నంబరు దొరికింది. ఆమె నొచ్చుకోకుండా వాట్సాప్‌లో ఎట్లా అడగాలి? ఇంటిపేరు కూడా అడగొచ్చా? నా పేరు మద్దిలేటి, మాది కర్నూలు వైపు.

జవాబు:

మద్దిలేటి గారూ, మెసేజి రాసే ముందు ఒక పావుగంట ఆ పేరు మీద కూర్చోండి. "మీ పేరు ఎట్లా పలకాలి?" అని ఊరికే అడిగితే పని మొత్తం అవతలి మనిషి మీద పడుతుంది. పేరంతా ముక్కముక్కలుగా విడదీసి ఆమే రాసి పంపాలి. "నేను ఇంతవరకు చదువుకున్నాను, ఈ ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయాను" అని అడిగితే ఆమె ఒక్క ముక్కలో చెప్పేస్తారు. మర్యాద చాలావరకు అక్కడే ఉంది. గారు, దయచేసి, క్షమించండి అని ఎన్ని పెట్టినా ఆ పని చేయకుండా అడిగిన ప్రశ్న బరువుగానే ఉంటుంది.

ఈ పేరులో చిక్కు zh ఒక్కటే. తమిళనాడులో, కేరళలో ఒక ప్రత్యేకమైన ధ్వనిని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి zh వాడతారు. Kozhikode, Alappuzha అని బోర్డుల మీద కనిపించేది అదే. మనవాళ్ళు z చూడగానే జ అని చదివి కోజికోడ్ అంటారు. మీ సెక్షన్‌లో పుట్టిన ఎజిలరసి కూడా ఆ దారినే వచ్చింది. అక్కడ జ శబ్దం ఏమాత్రం లేదు. ఇంగ్లీషు అక్షరాలను బట్టి ఊరి పేరు పలకబోతే ఏమవుతుందో కడపవాళ్ళకు చెప్పాల్సిన పనిలేదు. 2005 దాకా Cuddapah అనే కదా రాసుకున్నాం.

ఆ ధ్వని మనకు పూర్తిగా పరాయిదీ కాదు. పాత తెలుగు శాసనాల్లో దానికి విడిగా ఒక అక్షరం ఉండేది: ఴ. క్రీ.శ. 575 ప్రాంతానిదని చెప్పే కలమళ్ళ శాసనం మీ ఎర్రగుంట్ల మండలంలోదే. దాన్ని వేయించిన రేనాటి చోళుల పేరులోని ళ కూడా మూలంలో ఈ ఴ యే. తర్వాత తెలుగులో ఆ ధ్వని పోయి, చాలా మాటల్లో డ గా మారింది. తమిళంలో ఏఴు అంటే మన ఏడు, కోఴి అంటే మన కోడి. అందుకే ఇప్పుడు మన నోటికి అది కొత్తగా తోస్తుంది.

పలకడం ఇట్లా. ముందు "పళ్ళెం" అనండి. ళ దగ్గర నాలుక కొన వెనక్కి మడుచుకుని అంగిలికి తగిలి కిందికి జారుతుంది. ఇప్పుడు అదే మడతలో నాలుకను పెట్టి, అంగిలికి తగలకుండా ఒక సన్నటి సందు వదిలేసి, గొంతు ఆపకుండా సాగదీయండి. నాలుక రెండు పక్కలూ పై దవడ పళ్ళకు ఆనుకుని ఉంటాయి, కొన మాత్రం గాల్లో ఉంటుంది. వచ్చేది ళ కీ ర కీ నడుమ ఉండే మెత్తటి శబ్దం. కొన తగిలి టక్కుమంటే అది ళ అయింది. కొన అదిరితే ర అయింది. పళ్ళ దగ్గర గాలి రాపిడి వినిపిస్తే మళ్ళీ జ వైపు పోయారని అర్థం. పదిసార్లు చేస్తే దగ్గరికి వస్తుంది. రాకపోతే ళ అనండి. జ కన్నా ళ చాలా దగ్గర. తెలుగువాళ్ళ నోట ళ వినడం తమిళ కుటుంబాలకు అలవాటే.

పుస్తకం ప్రకారం ఴ అయినా, ఆమె స్వయంగా అట్లా పలుకుతారని గ్యారంటీ లేదు. తమిళనాడు దక్షిణ జిల్లాల్లో చాలామంది ఴ నీ ళ నీ ఒక్కటిగా ళ అనే అంటారు. చిత్తూరులో తెలుగు మధ్య పెరిగిన తమిళ ఇంట్లోనూ ఆ పేరు ళ తోనే పిలుస్తూ ఉండొచ్చు. కాబట్టి నాలుక మడత నేర్చుకుని వెళ్ళి, ఆమె ళ అంటుంటే మీరు పట్టుబట్టి ఴ అనకండి. అది ఆమె పేరును ఆమెకే దిద్దినట్టు ఉంటుంది. ఆమె నోట ఎట్లా వినిపిస్తే అదే సరైన పలుకు. మెసేజిలో "దీని అసలు ఉచ్చారణ ఏమిటి?" అని కాక "మీరెట్లా పలుకుతారు?" అని అడగమనేది అందుకే.

మిగతా అక్షరాల్లో సందేహం తక్కువే. ఎఴిల్ అంటే అందం, అరసి అంటే రాణి. రెండూ కలిసి ఎ–ఴి–ల–ర–సి, అయిదు అక్షరాలు. మొదటిది పొట్టి ఎ, ఏ కాదు. ఈ విడదీత తెలిస్తే మీ సెక్షన్‌లో రెండోవారి తప్పు ఎక్కడిదో తెలుస్తుంది. ఎలిజరసి అన్నప్పుడు ల ముందుకొచ్చి zh వెనక్కి పోయింది, ఎలిజబెత్ వినీ వినీ నాలుక అటు లాగింది. ఇంకొక తప్పు ఇంకా పుట్టలేదు గానీ పుడుతుంది: చివర "రాశి" అనడం. తెలుగు చెవికి రాశి తెలిసిన మాట, అరసి తెలియని మాట. నాలుగు రోజులు పోతే ఎవరో ఒకరు "ఎళిలరాశి" అంటారు, ఆ తర్వాత అట్లాగే రాస్తారు. అక్కడ ర కి దీర్ఘం లేదు, చివరిది మామూలు సి.

మాట అర్థం మీకు తెలిసినంత మాత్రాన మెసేజిలో పెట్టకండి. "మీ పేరుకి అందాల రాణి అని అర్థమట కదా" అని ముక్కూమొహం తెలియని మగవాడి దగ్గర్నుంచి మెసేజి వస్తే చదివే ఆడమనిషికి ఎట్లా ఉంటుందో ఆలోచించండి. "పేరు చాలా వెరైటీగా ఉంది", "ఇట్లాంటి పేరు ఎప్పుడూ వినలేదు" అనేవీ వద్దు. వాళ్ళింట్లో అది మామూలు పేరు. పేరు కష్టంగా ఉందని కూడా అనకండి. మీకు తెలియనిది ఒక అక్షరం, అంతే.

ఇక మెసేజి. చాలామంది రాసేది ఇట్లా ఉంటుంది:

"హాయ్ మేడం, మీ పేరు కొంచెం కష్టంగా ఉంది, మాకెవరికీ నోరు తిరగట్లేదు. షార్ట్‌గా ఏమని పిలవాలి? మీ ఇంటిపేరు, ఫుల్ నేమ్ స్పెల్లింగ్ పంపండి, అర్జెంట్."

ఇందులో ఆమెను నొప్పించాలనే ఉద్దేశం ఎక్కడా లేదు. అయినా ప్రతి వాక్యమూ ఎక్కడో గుచ్చుతుంది. పంపింది ఎవరో లేదు. నోరు తిరగకపోవడం మీ ఇబ్బంది, అది ఆమె పేరు మీదికి పోయింది. పొట్టి పేరు అడగడమంటే అసలు పేరు నేర్చుకోమని ముందే చెప్పేసినట్టు. "మాకెవరికీ" అన్న మాటతో ఆఫీసంతా కూర్చుని ఆమె పేరు గురించి మాట్లాడుకున్నారని తెలిసిపోయింది. అర్జెంట్ అన్నది ఆఫీసు అవసరం, ఆమెకు మాత్రం అది చేరకముందే వచ్చిన హుకుం.

దీన్ని ఇట్లా మార్చండి:

"నమస్తే మేడం. నేను మద్దిలేటి, కడప ఆఫీసులో మీ పక్క సీటు. సోమవారం మీరు మా సెక్షన్‌కి వస్తున్నారని ఆర్డరు చూశాం, సంతోషం.

మీ పేరు మొదటి రోజు నుంచే సరిగ్గా పలకాలని ఒక మాట అడుగుతున్నాను. ఆర్డరులో Ezhilarasi అని ఉంది. నేను ఎ–ళి–ల–ర–సి అని చదువుకున్నాను. zh దగ్గర మీరు ఎట్లా పలుకుతారో చెప్తారా?

ఇంకోటి, బల్ల మీద పేరు పలక తెలుగులో రాయిస్తున్నాం. 'ఎం. ఎళిలరసి' అని రాయించమంటారా, మీరు తెలుగులో వేరేగా రాసుకుంటారా?

తొందర లేదు మేడం. సోమవారం వచ్చాక చెప్పినా సరే, మీరు చెప్పాకే పలక చేయిస్తాను. నా పేరులో ద కి ఒత్తు ఉంది, మద్–ది–లే–టి. చిత్తూరు వైపు ఈ పేరు తక్కువ కదా, అందుకని చెప్తున్నాను."

మెసేజి చిన్నదే గానీ, కొన్ని మాటలు ఎందుకు అక్కడ ఉన్నాయో తెలిస్తే మీ సొంత మాటల్లో మార్చుకోవడం తేలిక.

పలకడం, రాయడం రెండు విడి ప్రశ్నలుగా ఉన్నాయి, వాటికి జవాబులు కూడా విడివిడిగానే రావచ్చు. నోటితో ఴ పలికే మనిషి తెలుగులో ళ రాసుకుంటూ ఉండొచ్చు. చదువుకునే రోజుల్లో ఏ సారో "ఎజిలరసి" అని రాసేస్తే అదే సర్టిఫికెట్లలో నిలిచిపోయి, నోటితో మాత్రం వేరేగా పలుకుతూ ఉండొచ్చు కూడా. రెండూ కలిపి "మీ పేరు ఎట్లా?" అని అడిగితే ఆమె ఇంగ్లీషు స్పెల్లింగు మళ్ళీ టైపు చేసి పంపుతారు. అది మీ దగ్గర ముందే ఉంది. ఈ రకం మెసేజీల్లో ఎక్కువగా జరిగేది అదే. జవాబు వస్తుంది, సందేహం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

మీ ఊహను అక్షరాలు విడదీసి రాశారు. అది తప్పయినా మేలే, ఆమె "అవును" అనో "ళి కాదు, ఴి" అనో అంటే చాలు. ఎజిలరసి అని మీవాళ్ళు అనుకుంటున్న సంగతి మాత్రం ఎత్తొద్దు. సెక్షన్‌లో ఎవరెవరు ఏమంటున్నారో ఆమెకు అవసరం లేదు.

చివర మీ పేరు విడదీసి చెప్పడం మాటవరసకు పెట్టింది కాదు. బేతంచెర్ల దగ్గరి మద్దిలేటి నరసింహస్వామి పేరు కర్నూలు, నంద్యాల వైపు ప్రతి ఊర్లో వినిపిస్తుంది. అదే పేరు చిత్తూరులో మదిలేటి అయిపోవచ్చు. ఆమెకూ మీ పేరు కొత్తే. మీరు ముందుగా చెప్పేస్తే ఆమె అడగాల్సిన పని తప్పుతుంది, ఒక్క ఆమె పేరునే పట్టి చూస్తున్నారనే భావనా రాదు. మీ పేరు రవి అయి ఉంటే ఈ వాక్యం తీసేయమనేవాణ్ణి. ఎవరూ తప్పు పలకని పేరును విడదీసి చెప్తే అది నటనలా ఉంటుంది.

మెసేజి పంపడం ఒక్క ఆమెకే, విడిగా. సెక్షన్ గ్రూపులో నంబరు చేర్చి అక్కడే అడగడం అన్నిటికన్నా చెడ్డ దారి. పదిమంది వాళ్ళకు తోచినట్టు పేరు రాస్తారు, ఒకరు నవ్వు బొమ్మ పెడతారు, ఆమె మొదటి మాటే తన పేరును దిద్దుకోవడంతో మొదలవుతుంది. ఆఫీసు వేళల్లో, శుక్రవారం మధ్యాహ్నం లోపు పంపండి. రాత్రి తొమ్మిది దాటాక తెలియని నంబరు నుంచి ఆడవాళ్ళకు మెసేజి పంపొద్దు, విషయం ఎంత మంచిదైనా సరే. బదిలీ మీద వచ్చే మనిషి ఆ వారంలో ఇల్లు వెతుక్కుంటూ, రిలీవింగ్ కాగితాల కోసం తిరుగుతూ ఉంటారు. జవాబు రాకపోతే రెండో మెసేజి వద్దు, నీలం టిక్కులు పడినా వద్దు. సోమవారం నోటితో అడగండి.

వాయిస్ మెసేజి పంపమని అడగొచ్చా అని కొందరు అనుకుంటారు. పరిచయం లేని మనిషిని గొంతు రికార్డు చేసి పంపమనడం చనువు ఎక్కువైనట్టు. ఆమె తనంతట పంపితే మంచిదే, విని రెండుసార్లు మీరు పలికి చూసుకోండి. అంతకన్నా సులువైన దారి ఒకటుంది. సోమవారం ఆమె ఆఫీసరు గదిలోకి వెళ్ళి తన పేరు తానే చెప్పుకుంటారు. ఆ సమయంలో మీరు దగ్గర్లో ఉంటే చాలు. చిత్తూరు ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కోవడం మాత్రం నమ్మదగ్గది కాదు. అక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి తప్పుగా పిలుస్తూ ఉంటే ఆ తప్పే మీకు చేరుతుంది, మీరది సరైనదనుకుని గట్టిగా పలుకుతారు.

జవాబులు మూడు రకాలుగా రావచ్చు.

"అవును, ఎళిలరసి అనే అంటారు" అని వస్తే "థ్యాంక్స్ మేడం, అట్లాగే రాయిస్తాను" అని ఆపేయండి. అక్కడ మాట పొడిగించొద్దు.

"అది ఴ అండీ, తమిళంలో వేరే శబ్దం, ళ అన్నా పర్లేదు" అని వస్తే పర్లేదు అన్న మాటను వెంటనే పట్టుకోకండి. సోమవారం కలిసినప్పుడు ఒక్కసారి మీ నోటితో పలికి చూపించి "దగ్గరికి వచ్చిందా మేడం?" అని అడగండి. ఆమె తల ఊపితే సరే, దిద్దితే ఇంకొక్కసారి అనండి. రెండుసార్లతో ఆపాలి. మూడోసారి, నాలుగోసారి పలికించుకుంటుంటే అది చుట్టూ ఉన్నవాళ్ళకు వినోదం అవుతుంది, ఆమెకు ఇబ్బంది అవుతుంది. రాకపోతే ళ తో స్థిరపడండి. పూటకో రకంగా పిలవడం కన్నా ఒకే రకంగా ళ అనడం మేలు.

"అందరూ ఎళిల్ అంటారు, మీరూ అట్లాగే అనండి" అని వస్తే పిలుపుకు అదే వాడండి. మన పద్ధతిలో ఎళిల్ గారు, లేదా ఎళిల్ మేడం. ఈ పొట్టి పేరు ఆమె ఇస్తేనే వాడాలి. మీరే కత్తిరించి అరసి గారు, రసి మేడం అని మొదలుపెట్టకూడదు. పలక మీద, పట్టీలో మాత్రం పూర్తి పేరే ఉండాలి.

ఇప్పుడు ఇంటిపేరు. అడగొద్దు, రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, అసలు ఆమెకు ఇంటిపేరు ఉండకపోవచ్చు. తమిళ కుటుంబాల్లో పేరు ముందుండే ఇనీషియల్ మామూలుగా తండ్రి పేరులోని మొదటి అక్షరం, పెళ్ళి తర్వాత కొందరు భర్త పేరు అక్షరానికి మార్చుకుంటారు. మన పి. లక్ష్మీదేవిలో పి అంటే వంశం పేరు, ఆమె M అంటే ఒక మనిషి పేరు. "M అంటే ఏంటి మేడం?" అని అడిగితే మీరు తెలియకుండానే తండ్రి పేరో భర్త పేరో అడిగినట్టు. రెండోది మనందరికీ తెలిసిందే. మన వైపు ఇంటిపేరు అడగడం చాలాసార్లు కులం అడగడానికి దొడ్డిదారి. మీరు పట్టీ కోసమే అడిగినా వినే మనిషికి ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది? ఆ ప్రశ్న పడ్డాక, పేరు సరిగ్గా పలకాలని మీరు చేసిన ప్రయత్నమంతా వేరే రంగు పూసుకుంటుంది. పలక మీద "ఎం." అని ఒక్క అక్షరం చాలు, అది ఆర్డరులోనే ఉంది.

ఏదైనా ఫారంలో ఇంటిపేరు గడి తప్పనిసరిగా నింపాల్సి వస్తే దాన్ని మీ ఊహతో నింపకండి. Ezhil ఒక గడిలో, Arasi ఒక గడిలో పెట్టి ఒక్క పేరును రెండు చేసేవాళ్ళు ఉన్నారు. తర్వాత ఆధార్‌తో పోల్చినప్పుడు అది కలవదు. పాత ఆఫీసు రికార్డులో ఆ గడి ఎట్లా నింపారో చూసి అదే రాయాలి.

రికార్డు స్పెల్లింగ్ సంగతి మెసేజిలో పెట్టనవసరం లేదని చెప్పేది కూడా అందుకే. హాజరు పట్టీలో, మరే రిజిస్టరులో ఎక్కించినా ఇంగ్లీషు స్పెల్లింగు ఆమెను అడిగి రాసేది కాదు, కాగితం చూసి రాసేది. ఆమెతో పాటు పాత ఆఫీసు ఇచ్చే చివరి జీతం సర్టిఫికెట్, అంటే ఎల్‌పీసీ వస్తుంది, వెనకాలే సర్వీస్ రిజిస్టరు వస్తుంది. ఆర్డరు కాపీ ఒక్కటే చూసి రాయొద్దు. బదిలీ ఆర్డరులో పదుల పేర్లు ఒకేసారి టైపు చేస్తారు, అందులో Ezilarasi అని h ఎగిరిపోయే అవకాశం ఎక్కువ. ఎల్‌పీసీనీ సర్వీస్ రిజిస్టరునీ పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం మీద పెన్ను పెట్టి చదవండి: E, z, h, i, l, a, r, a, s, i, మొత్తం 10. చూపుతో చదివితే h లేకపోయినా ఉన్నట్టే కనిపిస్తుంది, లెక్కపెడితే దొరుకుతుంది. రెండు కాగితాల్లో తేడా ఉంటే ఏది సరైనదో మీరు తేల్చొద్దు, ఆమెనూ వాట్సాప్‌లో తేల్చమని అడగొద్దు. ఎస్టాబ్లిష్‌మెంట్ చూసేవాళ్ళ దృష్టికి తీసుకెళ్ళండి, అది వాళ్ళు కాగితం మీద సరిచేయాల్సిన పని.

తెలుగులో రాయడం దగ్గర మాత్రం ఆమె మాటే చివరి మాట, ఎందుకంటే అక్కడ కాగితం ఉండకపోవచ్చు. నా సలహా ళ వాడటం: ఎళిలరసి. ఴ అక్షరం 2014 నుంచి యూనికోడ్‌లో తెలుగు అక్షరాల్లో ఉంది. ఆమె అదే కావాలంటే వర్డ్‌లో ఇట్లా వస్తుంది:

```
0C34  తర్వాత  Alt+X
```

తెర మీద అక్షరం బదులు ఖాళీ డబ్బా కనిపిస్తే ఆ ఫాంటులో అది లేదని అర్థం, ఫాంటు మార్చి చూడాలి. పేరు పలకలు చేసే షాపులో మీ ఫాంటు ఉండదు కాబట్టి ఫైలును పీడీఎఫ్‌గానో బొమ్మగానో ఇవ్వాలి. అంత చేసి పెట్టినా కౌంటరు ముందు నిలబడ్డ మనిషి ఆ అక్షరం చదవలేక మళ్ళీ మిమ్మల్నే అడుగుతాడు. జనం చదివి పిలవడానికే పలక కాబట్టి ళ మేలంటున్నాను. ఆమె ఇంట్లో, ఆమె సంతకంలో ఎట్లా ఉన్నా అది ఆమె ఇష్టం.

ఇదే పద్ధతి మీకు ఆమెతోనే ఆగిపోదు. కడపలో, కర్నూలులో ఉర్దూ పేర్ల దగ్గర z ఎదురైతే పరిస్థితి తలకిందులవుతుంది. Zaheer లో z నిజంగానే z, మన జ తో జహీర్ అని రాస్తాం గానీ నోట పలికేది గాలి రాపిడితో వచ్చే శబ్దం. తమిళ పేరులో zh కి జ తో సంబంధమే లేదు, ఉర్దూ పేరులో z కి జ కొంత దగ్గర. ఇంగ్లీషు అక్షరం ఒకటే అయినా పేరు ఏ భాషదో చూడకుండా చదివితే రెండుచోట్లా తప్పు పడుతుంది. అక్కడ కూడా ఊహ విడదీసి రాసి, ఆగిన చోటు చూపించి అడగడమే దారి. Shaik అని ముందున్నంత మాత్రాన "షేక్ గారు" అని పిలవొద్దు. అది మన వైపు లెక్కలేనంతమందికి పేరు ముందుండేదే, పిలుపు పేరు దాని తర్వాత ఉంటుంది.

సోమవారం ఆమె వచ్చి, పేరు తేలాక, సెక్షన్‌లో మిగతావాళ్ళకు ఎట్లా చేరాలన్నది మిగిలింది. ఎజిలరసి అంటున్న వారిని ఆమె ఎదుట దిద్దకండి. "ఎళిలరసి మేడం, ఈ ఫైలు చూస్తారా" అని మీరు మామూలుగా నాలుగైదుసార్లు గట్టిగా పిలిస్తే మిగతావాళ్ళ చెవికి పట్టేస్తుంది. రెండు మూడు రోజులైనా మారకపోతే ఆ ఒక్కరికి టీ తాగేటప్పుడు విడిగా చెప్పండి: "అక్కడ జ లేదన్నా, ళ." అంతకన్నా వివరణ అక్కర్లేదు.

పలక చేయించేటప్పుడు షాపతనికి ఫోన్‌లో పేరు చెప్పొద్దు, రాసి పంపండి. అచ్చుకు ముందు ఫోటో అడిగి నాలుగు చోట్ల చూడండి: మొదట ఎ పొట్టిదేనా, రెండోది ళి యేనా లేక లి పడిందా, ర కి దీర్ఘం తగిలిందా, చివరిది సి యేనా శి అయిందా. ఎక్కువగా తప్పు పడేది ర దగ్గర, ఎందుకంటే షాపతనికి కూడా రాశి తెలుసు, అరసి తెలియదు. ఫోటోను ఆమెకు ఒకసారి చూపించి, సరే అన్నాకే అచ్చు వేయమనండి.